విషాదాంత నాటకమున అతిమానుషాంశములు

ప్రేతదర్శనము, దుశ్శకునము, భవిష్యవాణి మున్నగునవి విషాదాంత నాటకమున కథాంతమును ముందుగనే సూచించి, ప్రేక్షకుని కుతూహలమును ఏమి జరుగునను ప్రశ్ననుండి ఎట్లు జరుగునను ప్రశ్నకు మరల్చును. షేక్స్పియరు రచించిన ‘మాక్బెత్’ ఇందుకు ఉత్తమోదాహరణము.

నాల్గవ అంకమున మంత్రగత్తెలు రప్పించిన ఛాయారూపములలో రక్తసిక్తుడైన శిశువు, స్త్రీకి జన్మించినవాడెవ్వడును మాక్బెత్తునకు హాని చేయజాలడని పలుకగా, కిరీటము దాల్చి చేత వృక్షమును బూనిన బాలుడు, బర్నము వనము డన్సినేను కొండకు కదలివచ్చువరకు అతనికి ఓటమి లేదని చెప్పును. రాజు ఈ మాటలను అభయముగా గ్రహించును. ప్రేక్షకుడు మాత్రము, మొదటి జోస్యము ఫలించిన తీరును చూచియున్నవాడగుటచే, ఈ అసంభవమును ఏదో యొక రూపమున సంభవింపనున్నదని శంకించుచు, బాలుని చేతిలోని చెట్టును మరువడు. ఐదవ అంకమున సైనికులు కొమ్మలు నరికి మరుగుగా పట్టుకొని నడచినప్పుడును, మాక్‌డఫ్ మాతృగర్భమును చీల్చి తీయబడినవాడని తెలిసినప్పుడును, ఆ శంకయే భయముగా పండును.

విందులోని బాంక్వో ప్రేతము వేఱు విధము. అది రాజునకు తప్ప అతిథులకు కానరాదు. 1623 నాటి ముద్రణము ప్రేతము ప్రవేశించి మాక్బెత్ స్థానమున కూర్చుండునని నిర్దేశింపగా, 1794లో నటుడు కెంబుల్ ఆ ఆసనమును శూన్యముగ నుంచి ప్రదర్శించెను. అట్లు చేసినచో ప్రేక్షకుడు రాజు భయమున పాలుపంచుకొనక, అతిథులవలె అతని ఉన్మాదమును దూరమునుండి చూచువాడగును. కావున ప్రాచీన నిర్దేశమే నాటకమునకు న్యాయము చేయునది.