కారున్న మిరాసీదారు నడిచొస్తాడా? కీళ్వెణ్మణి తీర్పులో ఒక పేరా



ఈ వారం ఒకే ఒక్క పేరా చదువుదాం. కీళ్వెణ్మణి కేసులో 1973లో మద్రాసు హైకోర్టు ఇచ్చిన తీర్పులోది ఆ పేరా. మన సభల్లో దాన్ని చాలాసార్లు ఉదహరిస్తాం, కోపంగా ఉదహరిస్తాం. కోపం న్యాయమైనదే. కానీ “ఆ తీర్పులో తప్పేంటి?” అని ఒక లా విద్యార్థి ఎదురు ప్రశ్న వేస్తే, “కులం” అనే ఒక్క మాటతో ఆగిపోతున్నాం. ఆ పేరా ఏ చోట విరిగిందో వేలు పెట్టి చూపించగలగాలి. అది నేర్చుకుంటే వేరే ఏ తీర్పునైనా, ఏ కమిషన్ రిపోర్టునైనా అలాగే చదవగలం.

ముందు జరిగిందేమిటో చెప్తాను. కీళ్వెణ్మణి అప్పటి తంజావూరు జిల్లా తూర్పు భాగంలో, నాగపట్నం దగ్గరున్న ఊరు. కావేరి నీళ్లతో వరి పండే నేల. భూమి మిరాసీదార్లది, చాకిరీ దళిత కూలీలది. కూలీలు ఎర్రజెండా కింద సంఘం పెట్టుకుని వడ్ల కూలి పెంచమన్నారు. మిరాసీదార్లు కూడా వరి ఉత్పత్తిదారుల సంఘం పెట్టుకున్నారు. దాని అధ్యక్షుడు గోపాలకృష్ణ నాయుడు. 1968 డిసెంబర్ 25న మిరాసీదార్ల తరఫు మనిషి ఒకడు గొడవలో చనిపోయాడు. అదే రాత్రి దళితవాడ మీద దాడి జరిగింది. ప్రాణభయంతో ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు ఒక గుడిసెలో తలదాచుకున్నారు. ఆ గుడిసెను తగలబెట్టారు. ఊళ్లోని స్మారకం లెక్కలో చనిపోయింది 44 మంది, కోర్టు లెక్కలో 42 మంది.

23 మంది మిరాసీదార్ల మీద కేసు నడిచింది. 1970లో నాగపట్నం సెషన్స్ కోర్టు గోపాలకృష్ణ నాయుడుతో సహా 8 మందికి పదేళ్ల శిక్ష వేసి, 15 మందిని వదిలేసింది. 1973లో హైకోర్టు ఆ 8 మందినీ వదిలేసింది. మనం చదవబోయే పేరా ఆ తీర్పులోదే.

పేరా సారాంశాన్ని నా మాటల్లో చెప్తాను. ఈ కేసులో ముద్దాయిలుగా చేర్చిన 23 మందీ మిరాసీదార్లే కావడం ఆశ్చర్యంగా ఉంది. వాళ్లలో ఎక్కువమంది చాలా భూములున్న ధనవంతులు. మొదటి ముద్దాయికి కారు కూడా ఉంది. కూలీల మీద ఎంత పగ ఉన్నా, పాలేర్లెవరూ తోడు లేకుండా వీళ్లే స్వయంగా నడిచొచ్చి ఇళ్లకు నిప్పు పెట్టారంటే నమ్మడం కష్టం. తెగించిన ఆకలి కూలీల్లా కాదు వీళ్లు, జాగ్రత్త చూసుకునే మనుషులు. తాము వెనక ఉండి పనివాళ్లను పంపుతారనే ఎవరైనా అనుకుంటారు. అదీ పేరా.

ఇలాంటివి చదివేటప్పుడు నేను ఒక తెల్లకాగితం మీద మూడు గడులు గీస్తాను. మొదటి గడిలో పేరా మనల్ని ఒప్పించాలనుకునే నిర్ధారణ రాస్తాను. రెండో గడిలో దానికి చూపిన ఆధారాలు. మూడో గడిలో ఆ ఆధారం నుంచి ఆ నిర్ధారణకు చేరాలంటే మధ్యలో ఏం నమ్మాలో అది. ఈ మూడోది చాలాసార్లు పేరాలో ఉండదు. మనమే బయటికి లాగి రాయాలి.

మొదటి గడి తేలిక. “ఈ మిరాసీదార్లు స్వయంగా వచ్చి నిప్పు పెట్టారన్న ప్రాసిక్యూషన్ కథ నమ్మదగ్గది కాదు.” అంతే.

రెండో గడిలో ఏముంది? ముద్దాయిలంతా మిరాసీదార్లు. ఎక్కువమంది ధనవంతులు. ఒకరికి కారుంది. మూడూ నిజాలే. ఇక్కడే మన వాళ్లు తొందరపడతారు, పేరా నచ్చలేదు కాబట్టి అందులోని ప్రతి మాటా అబద్ధం అంటారు. అలా అనకూడదు. ఆధారం నిజం కావడం వేరు, ఆ ఆధారం నిర్ధారణను మోయగలగడం వేరు. ఇప్పుడు ఇంకోటి గమనించండి. ఈ మూడింటిలో ఒక్కటి కూడా డిసెంబర్ 25 రాత్రికి సంబంధించింది కాదు. అన్నీ ముద్దాయిల ఆస్తి గురించే. ఆ రాత్రి ఎవరు ఎక్కడున్నారు, ఎవరిని ఎవరు ఏ వెలుతురులో చూశారు అన్న ప్రశ్నలకు ఈ పేరాలో జవాబు లేదు.

అసలు సంగతి మూడో గడిలో ఉంది. ఆస్తి గురించిన నిజం నుంచి ఆ రాత్రి గురించిన నిర్ధారణకు దూకాలంటే నాలుగు ఊహలు కావాలి. ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది, డబ్బున్నవాడు తన చేత్తో హింస చెయ్యడు, చేయిస్తాడు. దీనికి పేరాలో ఏ రుజువూ లేదు. “ఎవరైనా అనుకుంటారు” అన్న మాట ఒక్కటే ఉంది. ఎవరా ఎవరైనా? ఆ వాడలో రోజూ మిరాసీదారు చేతి దెబ్బలు చూసిన కూలీ కూడా అలాగే అనుకుంటాడా? ఎవరి అనుభవమో చెప్పకుండా “ఎవరైనా” అన్నారంటే, రాసినవారి అనుభవమే అందరి అనుభవం అయిపోయిందని అర్థం. పైగా దీనికి అడ్డొచ్చే ఒక నిజం కళ్లముందే ఉంది. ఈ మిరాసీదార్లు వెనక దాక్కోలేదు. సంఘం పెట్టి, అధ్యక్షుణ్ని పెట్టుకుని, కూలీల సంఘంతో బహిరంగంగా తలపడ్డారు. అంతమాత్రాన నిప్పు పెట్టింది వాళ్లేనని తేలిపోదు. కానీ “వాళ్లు వెనకే ఉంటారు” అన్న ఊహ మాత్రం బలహీనపడుతుంది.

రెండోది, పాలేర్లు తోడు రాలేదు. ముద్దాయిల జాబితాలో పాలేర్లు లేరు కాబట్టి ఆ రాత్రి కూడా వాళ్లు లేరన్నట్టు పేరా నడుస్తుంది. ముద్దాయిల జాబితా వేరు, అక్కడున్నవాళ్ల జాబితా వేరు. మొదటిదాన్ని బట్టి రెండోదాన్ని తేల్చలేం.

మూడోది, ఆకలితో ఉన్నవాడు తెగిస్తాడు, కడుపు నిండినవాడు తెగించడు. ఇది పోలికలా కనబడుతుంది కానీ ముందే ఇచ్చేసిన తీర్పు. ఒక వర్గానికి హింసను స్వభావంగా అంటగట్టి, ఇంకో వర్గానికి జాగ్రత్తను స్వభావంగా ఇచ్చింది. ఆ 23 మందిలో ఫలానా ముద్దాయి ఎలాంటివాడో చెప్పే ఒక్క సాక్ష్యమూ దీని వెనక లేదు.

నాలుగోది అన్నిటికంటే సూక్ష్మమైనది. 23 మందీ మిరాసీదార్లే కావడం అనుమానాస్పదం. కూలీలు పగతో ఊళ్లోని పెద్దలందర్నీ ఇరికించి ఉంటారన్న ధ్వని ఇందులో ఉంది. కాసేపు కోర్టు వైపు నుంచే ఆలోచిద్దాం. తప్పుడు కేసు పెడితే జాబితా ఎలా ఉంటుంది? అందరూ మిరాసీదార్లే ఉంటారు. మరి నిజంగానే మిరాసీదార్లు దాడి చేసి ఉంటే? గొడవే మిరాసీదార్లకూ కూలీలకూ మధ్య. అప్పుడూ అందరూ మిరాసీదార్లే ఉంటారు. రెండు కథల్లోనూ ఒకేలా కనబడే నిజం, రెండిట్లో ఏది నిజమో చెప్పలేదు. కాబట్టి ఆ జాబితాలో ఆశ్చర్యపడాల్సింది లేదు, అది ఎటువైపూ ఆధారం కాదు.

ఊహల్ని పట్టుకోవడానికి నేను వాడే గుర్తు ఒకటి చెప్తాను. పేరాలోని క్రియల్ని చూడండి. “ఆశ్చర్యంగా ఉంది”, “నమ్మడం కష్టం”, “అనుకుంటారు”. ఇవన్నీ చదివేవాడి మనసులో జరిగే పనులు. సాక్ష్యం గురించి రాసే వాక్యాల్లో “చూశాడు”, “చెప్పాడు”, “అక్కడ ఉన్నాడు”, “దొరికింది” లాంటి క్రియలుంటాయి. ఒక పేరా మొత్తం మొదటి రకం క్రియల మీదే నడుస్తుంటే, మూడో గడి నిండుతోందని గ్రహించాలి.

ఇంకో పరీక్ష కూడా పెట్టండి. ఇదే తర్కాన్ని వేరే ఊరికి, వేరే రాత్రికి తీసుకెళ్లండి. ఏ ఊళ్లో ఏ మిరాసీదారు మీద కేసు పడినా, “ధనవంతుడు, స్వయంగా రాడు” అని చెప్పొచ్చు. ఎవర్నైనా వదిలెయ్యగలిగే కారణం ఈ కేసు గురించి ఏమీ చెప్పనట్టే. దాని రెండో కొస కూడా చూడండి. వెనక ఉండి పంపేవాడు ఆ చోట ఉండడు కాబట్టి చూసిన సాక్షి ఉండడు. ఉన్నాడని సాక్షి చెప్తే నమ్మశక్యం కాదంటారు. లేడంటే కేసే లేదు. వెంటిలో ఎటు తిరిగినా మిరాసీదారు బయటే ఉంటాడు.

ఇక్కడిదాకా వచ్చాక మనం మనకే ఒక హద్దు గీసుకోవాలి. ఈ పేరా కూలిపోయింది కాబట్టి ముద్దాయిలు దోషులని రుజువైపోయిందా? లేదు. నిర్ధారణకు చూపిన ఒక కారణం చెడ్డదని మాత్రమే చూపించాం. క్రిమినల్ కేసులో నేరం రుజువు చేసే భారం ప్రాసిక్యూషన్‌దే. సహేతుకమైన అనుమానం మిగిలితే ముద్దాయిని వదలాలి. ఆ సూత్రం రేపు తప్పుడు కేసులో ఇరుక్కునే మన పిల్లాడికి కూడా కావాలి. కానీ ఆ అనుమానం సాక్ష్యంలోంచి పుట్టాలి, ముద్దాయి భూమిలోంచి, కారులోంచి కాదు. తీర్పులో సాక్షుల మాటల గురించి చేసిన చర్చ ఉంటే దాన్ని విడిగా, ఇవే మూడు గడుల్లో పరీక్షించాలి. ఒక్క పేరాతో తీర్పు మొత్తాన్ని కొట్టేస్తే, అవతలివాడు మిగతా పేజీలు తిప్పి మన నోరు మూయిస్తాడు.

మైథిలీ శివరామన్ 1973లోనే ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఈ కేసు మీద రాశారు. ఈ పేరా తీర్పు పుస్తకాల్లో మాసిపోకుండా జనం నోళ్లలో నిలిచిందంటే, అలా కూర్చుని చదివి రాసినవాళ్లు ఉండబట్టే.

చివరగా మన ఇంటి సంగతి. చుండూరులో 1991 ఆగస్టు 6న 8 మంది దళితుల్ని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. దాన్ని కూడా కీళ్వెణ్మణి తీర్పులాంటిదే అని ఒకే గాటన కట్టేస్తుంటాం. ఫలితం ఒకటే, కారణాలు ఒకటి కావు. చుండూరులో హైకోర్టు ప్రధానంగా చెప్పింది, చంపింది ఎవరో, ఎక్కడో, ఏ వేళకో ప్రాసిక్యూషన్ రుజువు చెయ్యలేదని. ఇది ఆస్తి గురించిన ఊహ కాదు, సాక్ష్యం గురించిన నిర్ధారణ. దీన్ని ఎదుర్కోవాలంటే “ఎవరైనా” అన్న మాటను పట్టుకుంటే సరిపోదు. ప్రత్యేక కోర్టు ఏ సాక్షిని ఎందుకు నమ్మింది, హైకోర్టు అదే సాక్షిని ఎందుకు నమ్మలేదు అని రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. వేలు పెట్టాల్సిన చోటు అక్కడ వేరు. ఈ ఆదివారం మీ స్టడీ సర్కిల్‌లో నలుగురు కూర్చుని, మూడు గడులు గీసి, ఆ రెండు తీర్పుల్లో ఒకే ఒక్క సాక్షిని తీసుకుని మొదలుపెట్టండి.