నియామకాల్లో యజమాని అయిష్టం, కూలి తేడా: కారంచేడు, చుండూరు నేపథ్యం

ఒకే పని ఒకే తీరుగా చేయగల ఇద్దరిలో ఒకరిని పుట్టుక కారణంగా పనిలో పెట్టుకోవడానికి యజమాని ఇష్టపడకపోవడాన్ని అర్థశాస్త్రంలో అయిష్ట వివక్ష అంటారు. పనితనం మీద అనుమానం ఉండి వెనకాడటం వేరు, మనిషే పక్కన ఉండకూడదనుకోవడం వేరు. ఈ రెండో దాన్ని కొలవదగిన విషయంగా మలిచినవాడు అమెరికా ఆర్థికవేత్త గ్యారీ బెకర్. ఆయన 1957లో ప్రచురించిన వివక్ష అర్థశాస్త్ర గ్రంథానికి నల్లజాతివారి వేతనాలు ప్రధాన నేపథ్యం. తెలుగు నేల మీద ఈ సిద్ధాంతానికి బలమూ పరిమితీ రెండూ కనిపించే చోటు నేటి బాపట్ల జిల్లా. 1985 నాటి కారంచేడు, 1991 నాటి చుండూరు ఘటనలను సాధారణంగా హింస చరిత్రగానే చదువుతారు. అది న్యాయమే. అయితే ఆ హింస చుట్టూ ఎవరికి పని ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు అన్న చరిత్ర కూడా ఉంది. ఈ వ్యాసం దాని గురించే.

బెకర్ లెక్క

అయిష్టం ఉన్న యజమాని కొందరికి ఇచ్చే కూలిని అసలు కంటే ఎక్కువ ఖర్చుగా భావిస్తాడు. అతని అయిష్టం పాతిక శాతమైతే, చేతి నుంచి 400 రూపాయలు పోయినా మనసుకు 500 పోయినట్టు ఉంటుంది. డబ్బు రూపంలో లేని ఆ అదనపు బరువును బెకర్ వివక్షా గుణకం అన్నాడు.

ఒక ఊరిని ఊహించుకుందాం. అక్కడ ఒక వర్గానికి రోజుకూలి 500. అంతే పనిమంతులైన రెండో వర్గంలో వంద మంది ఉన్నారు. అయిష్టం లేని రైతుల దగ్గర అరవై మందికే పని దొరుకుతుంది. మిగిలిన నలభై మంది అయిష్టం ఉన్న రైతుల గడప తొక్కక తప్పదు. వాళ్లు సహజంగానే తక్కువ అయిష్టం ఉన్నవాళ్లతో మొదలుపెడతారు. నలభయ్యో మనిషికి పని ఇచ్చే రైతు అయిష్టం పాతిక శాతం అనుకుంటే, కూలి 400కు దిగితే తప్ప అతను ఒప్పుకోడు. అప్పుడు ఆ ఒక్క కూలీకే కాదు, వంద మందికీ కూలి 400 అవుతుంది. అయిష్టం లేని రైతు 450 ఇస్తే, నలభై మందిలో ఎవరో ఒకరు వచ్చి 420కే చేస్తామంటారు. ఆ పోటీ కూలిని 400 దాకా దించుతుంది.

ఇక్కడ గమనించాల్సినవి రెండు. మనసులో ఏ ద్వేషమూ లేని రైతు కూడా ఆ వర్గానికి 400 మాత్రమే ఇస్తాడు, రోజుకు మనిషికి వంద రూపాయలు మిగుల్చుకుంటాడు. అంటే ఊళ్లో మంచివాళ్లు ఉన్నంత మాత్రాన కూలి తేడా పోదు. రెండోది, ఆ తేడాను నిర్ణయించేది ఊరి మొత్తం సగటు అయిష్టం కాదు, పని కోసం చివరికి వెళ్లక తప్పని యజమాని అయిష్టం. అయిష్టం లేని చోట్ల వంద మందికీ పని దొరికితే, మిగతా ఊరంతా మొహం తిప్పుకున్నా కూలి తేడా రాదు. మనుషులు వేరువేరు పొలాల్లో పనిచేస్తారు, అంతే. కెర్విన్ చార్లెస్, జొనాథన్ గురియన్ 2008లో అమెరికా రాష్ట్రాల సమాచారంతో ఈ మాటను పరీక్షించారు. నల్లవారి వేతన నష్టం సగటు తెల్లవారి దురభిప్రాయంతో కంటే, తక్కువ దురభిప్రాయం ఉన్నవారి వైఖరితోనే ఎక్కువ ముడిపడి ఉందని తేల్చారు.

దీని నుంచి బెకర్ ఒక ఆశ కూడా చూపాడు. మనిషికి వంద మిగుల్చుకునే రైతు మరింత భూమి కౌలుకు తీసుకుని మరింత మందిని పెట్టుకుంటాడు, అయిష్టం ఉన్నవాడు ఖర్చు ఎక్కువై వెనకబడతాడు, కాలక్రమంలో తేడా కరిగిపోతుంది. ఈ వాదన బలం అంతా ఒక ఊహ మీద నిలిచింది: యజమానులు ఎవరికి వారుగా నిర్ణయాలు తీసుకుంటారని. కోస్తా ఆంధ్ర పల్లెల్లో సరిగ్గా అదే లోపించింది.

కారంచేడు

చీరాలకు దగ్గర్లోని కారంచేడులో భూమి ప్రధానంగా కమ్మ కుటుంబాల చేతిలో ఉండేది. మాదిగ కుటుంబాలు ఎక్కువగా వ్యవసాయ కూలి మీద బతికేవి. 1985 జూలై 16న తాగునీటి చెరువులో గేదె కడిగిన నీళ్లు కలుస్తున్నాయని మాదిగ మహిళ ఒకరు అడ్డు చెప్పారు. మర్నాడు, జూలై 17న, మాదిగపల్లె మీద దాడి జరిగింది. ఆరుగురు చనిపోయారు. బతికినవాళ్లు చీరాలకు చేరుకున్నారు. తిరిగి ఊరికి వెళ్లడానికి నిరాకరించి, చీరాలలోనే స్థిరపడ్డారు. కత్తి పద్మారావు, బొజ్జా తారకం ముందుండి నడిపిన ఉద్యమం నుంచి అదే ఏడాది దళిత మహాసభ పుట్టింది. కేసు పై కోర్టుల దాకా నడిచి, 2008లో సుప్రీంకోర్టు తుది తీర్పు ఇచ్చింది.

ఊరు విడిచి వెళ్లడాన్ని ప్రాణభయంగా, ఆత్మగౌరవంగా మాత్రమే చూడటం అలవాటు. కూలి లెక్కలో అది యజమానిని మార్చుకోవడం కూడా. పల్లెలో పని ఇచ్చేవాళ్లు కొద్దిమంది, వాళ్లూ ఒకే కులం, ఒకరికొకరు బంధువులు. చీరాల చేనేత, పొగాకు వ్యాపారం, రైలు మార్గం ఉన్న పట్నం. అక్కడ పని ఇచ్చేవాళ్లు పలు రకాలు. పట్నంలో అయిష్టం లేదని దీనర్థం కాదు. ఒక గడప మూసుకుంటే మరో గడప ఉంటుంది కాబట్టి, చివరి యజమాని ఎవరన్నది మారుతుంది. బెకర్ లెక్కలో కూలీల చేతిలో ఉన్న గట్టి ఆయుధం ఇదొక్కటే.

చుండూరు: పని నిరాకరణే శిక్షగా

నియామకాల కోణంలో కారంచేడు కంటే స్పష్టమైన ఉదాహరణ తెనాలి సమీపంలోని చుండూరు. రైల్వే స్టేషన్ ఉన్న ఊరు. అక్కడి దళితుల్లో చదువుకున్నవాళ్లు, రైల్వేలో పనిచేసేవాళ్లు ఉండేవారు. 1991 జూలైలో సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు వరుసలోని రెడ్డి యువకుడికి తగిలిందన్న గొడవ తర్వాత, భూస్వాములు దళితులను వెలివేశారు. తమ పొలాల్లో పని ఇవ్వడం మానేసి బయటి ఊళ్ల నుంచి కూలీలను పిలిపించుకున్నారు. ఆగస్టు 6న జరిగిన దాడిలో ఎనిమిది మంది దళితులు చనిపోయారు. విచారణ కోసం ఊళ్లోనే ప్రత్యేక న్యాయస్థానం ఏర్పాటైంది. 2007లో అది 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు నిందితులందరినీ విడుదల చేసింది.

దాడికి ముందున్న ఆ కొద్ది వారాల వెలి, సిద్ధాంతానికి అరుదుగా దొరికే పరీక్ష. వివక్షకు 1970ల మొదట్లో ఎడ్మండ్ ఫెల్ప్స్, కెన్నెత్ యారో ఇంకో వివరణ ఇచ్చారు. ఎదుటి మనిషి పనితనం తెలియనప్పుడు యజమాని అతని వర్గం సగటును బట్టి అంచనా వేస్తాడని, దానికి ద్వేషం అక్కర్లేదని వాళ్ల వాదం. చుండూరులో ఆ వివరణకు చోటు లేదు. వెలికి గురైన దళితులు ఏళ్ల తరబడి ఆ రైతుల పొలాల్లోనే నాట్లు వేసి కోతలు కోసిన మనుషులు. ఎవరి చెయ్యి ఎంత పని చేస్తుందో ప్రతి రైతుకూ తెలుసు. జూన్‌కీ జూలైకీ మధ్య వాళ్ల పనితనం మారలేదు. ముక్కూమొహం తెలియని కూలీలను దూరం నుంచి తెచ్చుకోవడం ఖర్చుతో, తిప్పలతో కూడిన పని. పనితనం మారకుండా, తన ఖర్చు పెంచుకుని మరీ ఒక వర్గాన్ని దూరం పెడితే, అక్కడ పనిచేస్తున్నది అనుమానం కాదని చెప్పవచ్చు.

అయితే అది బెకర్ చెప్పిన వ్యక్తిగత అయిష్టం కూడా పూర్తిగా కాదు. జూన్ దాకా అదే రైతులు అదే మనుషులను పనిలో పెట్టుకున్నారు. లొంగి ఉన్నంత కాలం అడ్డు రాని కులం, ఎదురు చెప్పగానే అడ్డు వచ్చింది. ఇక్కడ అక్కరకొచ్చేది జార్జ్ ఆకెర్లాఫ్ 1976లో రాసిన పరిశోధనా వ్యాసం. కుల నియమాన్ని తప్పిన యజమానిని తోటివాళ్లు కూడా వెలివేస్తారన్న భయం ఉంటే, ఎవరి మనసులోనూ పెద్ద ద్వేషం లేకపోయినా వివక్ష నిలబడిపోతుందని ఆయన చూపించాడు. వెలి నడుస్తున్నప్పుడు ఒక రైతు దళితుణ్ని పనికి పిలిస్తే మిగిలేది రోజుకు కొన్ని రూపాయలు. పోయేది అప్పు పుట్టే చోటు, అక్కరకు సాయం, పిల్లల పెళ్లి సంబంధాలు. ఈ తూకంలో పోటీ ఓడిపోతుంది. పైగా లాభం వచ్చినవాడు విస్తరిద్దామన్నా పల్లెలో భూమి అమ్మకానికి రావడం తక్కువ. బెకర్ ఆశ ఇక్కడ నెరవేరకపోవడానికి ఈ రెండూ కారణాలని నా అభిప్రాయం.

రైల్వే ఉద్యోగం ఈ కట్టుబాటుకు బయట ఉంది. నియామకం నిబంధనల ప్రకారం, జీతం స్కేలు ప్రకారం. పక్కింటి భూస్వామి ఇష్టాయిష్టాలు దాన్ని తాకలేవు. ఇంట్లో ఒకరికి అలాంటి జీతం ఉంటే, మిగిలినవాళ్లు పొలంలో ఎంత కూలికైనా తలవంచాల్సిన అగత్యం తగ్గుతుంది.

పట్నం ఉద్యోగాల్లో

చదువుకుని పట్నం వెళ్తే ఈ అయిష్టం ఆగిపోతుందా అన్న ప్రశ్నకు సుఖదేవ్ థోరట్, పాల్ అటివెల్ 2007లో ప్రచురించిన పరిశోధన జవాబు వెతికింది. పత్రికల్లో వచ్చిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు ఒకే రకం అర్హతలతో దరఖాస్తులు పంపారు. తేడా పేర్లలోనే: అగ్రకులాన్ని సూచించే పేరు, దళితులదని తెలిసే పేరు, ముస్లిం పేరు. అగ్రకుల పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం మూడింట రెండు వంతులు, ముస్లిం పేరుకు మూడింట ఒక వంతు. అభిజిత్ బెనర్జీ బృందం ఢిల్లీ ప్రాంతంలో చేసి 2009లో ప్రచురించిన ఇలాంటి ప్రయోగంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో కులం తేడా కనిపించలేదు, కాల్ సెంటర్లలో కనిపించింది. కొలవడానికి వీలైన నైపుణ్యం ఉన్నచోట కులం చూపు తగ్గుతుందేమోనన్నది దీని మీద ఒక వ్యాఖ్యానం.

ఈ ప్రయోగాలను చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. జేమ్స్ హెక్‌మన్ ఎత్తిచూపినట్టు, ఇవి సగటు సంస్థ ప్రవర్తనను కొలుస్తాయి. జీతాన్ని నిర్ణయించేది ఉద్యోగార్థి చివరికి చేరే సంస్థ. పిలుపుల్లో తేడా ఉన్నంత మాత్రాన జీతంలోనూ అంతే తేడా ఉంటుందని లెక్కకట్టలేం. జీతాలను నేరుగా పోల్చే పద్ధతి వేరే ఉంది. 1973లో రొనాల్డ్ ఒహాకా, అలన్ బ్లైండర్ విడివిడిగా రూపొందించిన ఆ పద్ధతిలో చదువు, అనుభవం వల్ల వచ్చే తేడాను తీసేసి మిగిలినదాన్ని వివక్ష కింద లెక్కిస్తారు. ఎస్. మధేశ్వరన్, అటివెల్ ఈ దారిలోనే జాతీయ నమూనా సర్వే సమాచారాన్ని పరిశీలించి, పట్టణాల్లో సమాన అర్హతలున్నా షెడ్యూల్డ్ కులాలు, తెగల ఉద్యోగుల జీతం సుమారు 15 శాతం తక్కువని తేల్చారు. ఈ పద్ధతికీ ఒక గుడ్డి చోటు ఉంది. బడిలోనే వెనక్కి నెట్టబడిన పిల్లవాడి తక్కువ చదువును ఇది అర్హత లోపంగా లెక్కిస్తుంది, వివక్షగా కాదు.

చట్టం

1989లో పార్లమెంటు చేసిన షెడ్యూల్డ్ కులాలు, తెగల అత్యాచారాల నిరోధక చట్టం వెనుక కారంచేడు వంటి ఘటనల ఒత్తిడి ఉంది. కానీ ఆర్థిక బహిష్కరణ అన్న నేరం మొదట్లో అందులో లేదు. 2015 సవరణ దాన్ని చేర్చింది, అది 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. కూలికి పని చేయించుకోవడానికి నిరాకరించడం కూడా ఆ నిర్వచనంలోకి వస్తుంది. చుండూరులో వెలి వేసిన నాటికి ఈ సెక్షన్ లేదు. ఊరుమ్మడిగా చాటింపు వేసి పని మాన్పించే వెలిని ఈ సెక్షన్ పట్టుకోగలదు. వంద మంది యజమానులు ఎవరికి వారు నోరు విప్పకుండా దరఖాస్తును పక్కన పెడితే, లేదా 500 పనికి 400 ఇస్తామంటే, సాక్ష్యం ఎక్కడ దొరుకుతుందన్నది ఈ చట్టం ముందు నేటికీ తేలని ప్రశ్న.