కుటుంబ ట్రస్టు

మైనర్ పిల్లల కోసమో, తన వ్యవహారాలు చూసుకోలేని వయోజనుడి కోసమో ఆస్తిని ధర్మకర్త చేతికి అప్పగించే ఏర్పాటు. 1882 నాటి భారత ట్రస్టుల చట్టం దీనికి ఆధారం. వీలునామా రాసినవారు పోయాకే అమలవుతుంది, అంతదాకా మార్చుకోవచ్చు. ట్రస్టు సాధారణంగా రాసినవారుండగానే మొదలవుతుంది, రద్దు చేసే హక్కు పత్రంలో అట్టేపెట్టుకోకపోతే వెనక్కి తీసుకోలేరు.

వై.ఎన్.హొసకోటలో ఒక నేతకారుడు బుద్ధిమాంద్యమున్న కొడుక్కి ఇల్లు వీలునామాగా రాశాడనుకుందాం. ఇల్లు కొడుకుదవుతుంది, కానీ అద్దె ఒప్పందం మీద చెల్లే సంతకం పెట్టేవారుండరు, సంరక్షకుణ్ణి నియమించుకోవాలి. ట్రస్టయితే ఆ పని ధర్మకర్తదే: అద్దె వసూలు చేసి కొడుకు పోషణకే ఖర్చుపెట్టాలి. స్థిరాస్తి ట్రస్టు పత్రానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి, వీలునామాకు అక్కర్లేదు. ధర్మకర్త చనిపోతే తర్వాత ఎవరో పత్రంలో రాయకపోవడమే ఎక్కువగా చేటు తెస్తుంది. వీలునామా ద్వారా ట్రస్టు పెట్టడమూ చెల్లుతుంది, అప్పుడది రాసినవారు పోయాకే మొదలవుతుంది.