ఆదాయ ప్రభావం, ప్రత్యామ్నాయ ప్రభావం: ఆదాయపు పన్నుకూ పని గంటలకూ ఉన్న లంకె

ఆదాయపు పన్ను పెరిగితే మనిషి ఎక్కువ పని చేస్తాడా, తక్కువ పని చేస్తాడా అన్న ప్రశ్నకు అర్థశాస్త్రంలో ఒక్కటే జవాబు లేదు. ఒకే పన్ను మనిషిని రెండు వైపులకూ లాగుతుంది. పన్ను వల్ల చేతికొచ్చే డబ్బు తగ్గుతుంది. పాత ఖర్చులు అలాగే ఉంటాయి కాబట్టి ఇంకాస్త పని చేయాలనిపిస్తుంది. దీన్ని ఆదాయ ప్రభావం అంటారు. అదే పన్ను వల్ల అదనంగా పనిచేసిన గంటకు దక్కే ప్రతిఫలం కూడా తగ్గుతుంది. ఇంత కొంచెం కోసం ఇంటిపట్టున ఉండే సమయాన్ని ఎందుకు వదులుకోవాలనిపిస్తుంది. ఇది ప్రత్యామ్నాయ ప్రభావం. రెంటిలో ఏది బలంగా ఉంటే మనిషి అటు మొగ్గుతాడు.

ధర మారినప్పుడు కలిగే ఫలితాన్ని ఇలా రెండుగా విడదీసే పద్ధతిని రష్యన్ అర్థశాస్త్రవేత్త యూజీన్ స్లట్‌స్కీ 1915లో చూపించాడు. 1934లో జాన్ హిక్స్, ఆర్. జి. డి. అలెన్ దాన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చారు. అంతకు ముందే, 1930లో, లయొనెల్ రాబిన్స్ ఇదే ప్రశ్నను శ్రమ విషయంలో చర్చించాడు. ప్రతిఫలం తగ్గితే శ్రమ తగ్గి తీరుతుందని తర్కంతో తేల్చలేమని, అది మనిషికి ఆదాయం ఎంత అవసరమన్న దాని మీద ఆధారపడుతుందని వాదించాడు. ఆ మాటను ఇప్పటిదాకా ఎవరూ కొట్టిపారేయలేదు.

రేపల్లెలో ఒక సాయంత్రం

తెనాలిలో ప్రాక్టీసు ఉన్న ఒక డాక్టరును ఊహించుకుందాం. వారంలో కొన్ని సాయంత్రాలు ఆమె రేపల్లె వచ్చి రోగులను చూస్తారు. ఖర్చులన్నీ పోగా ఏడాదికి 30 లక్షల ఆదాయం ఉంది. రేపల్లెలో గడిపే ఒక్కో సాయంత్రానికి 5,000 రూపాయలు మిగులుతాయి. 2025 బడ్జెట్ సవరించిన కొత్త విధానంలో 24 లక్షలు దాటిన ఆదాయం మీద రేటు 30 శాతం, సెస్‌తో కలిపి 31.2 శాతం. ఆమె కట్టే పన్ను మొత్తం 4,99,200 రూపాయలు. అంటే సగటున ఆదాయంలో ఆరో వంతు. కానీ రేపల్లెకు ఇంకొక సాయంత్రం రావాలా వద్దా అని ఆలోచించేటప్పుడు ఈ సగటుతో పని లేదు. చివరి రూపాయి మీద పడే రేటునే, అంటే ఉపాంత రేటునే చూడాలి. ఆ లెక్కన 5,000లో ఆమెకు దక్కేది 3,440.

ఇప్పుడు 24 లక్షలు దాటిన ఆదాయం మీద రేటును ప్రభుత్వం 40 శాతానికి పెంచిందనుకుందాం. సెస్‌తో అది 41.6 శాతమవుతుంది. ఏడాది పన్ను 62,400 రూపాయలు పెరుగుతుంది. రేపల్లె సాయంత్రానికి దక్కేది 2,920కి పడిపోతుంది.

స్లట్‌స్కీ పద్ధతి ఇక్కడే అక్కరకొస్తుంది. రేటు పెంచిన రోజునే ప్రభుత్వం ఆమెకు 62,400 రూపాయల చెక్కు పంపిందనుకోండి. ఆమె పాత గంటలే పనిచేస్తే చేతిలో సరిగ్గా పాత డబ్బే ఉంటుంది. నష్టమేమీ లేదు. మారింది ఒక్కటే: ఒక సాయంత్రం రేపల్లె రావడం మానేస్తే లోగడ 3,440 పోయేది, ఇప్పుడు 2,920 మాత్రమే పోతుంది. తీరిక 520 రూపాయలు చౌకయింది. కాబట్టి ఆమె అంతకు ముందుకన్నా ఎక్కువ సాయంత్రాలు రావడానికి కారణం లేదు. కొన్ని మానుకోవడానికి మాత్రం కారణం ఉంది. ఇది అచ్చమైన ప్రత్యామ్నాయ ప్రభావం.

తర్వాత ఆ చెక్కును వెనక్కి తీసుకున్నారనుకోండి. సాయంత్రం వెల మారలేదు, ఇంట్లో మాత్రం 62,400 తగ్గింది. ఫ్లాటు వాయిదాలు, పిల్లల చదువు ఫీజులు ఎప్పటిలాగే కట్టాలి. ఆ లోటును పూర్తిగా పూడ్చుకోవాలంటే ఏడాదిలో ఇరవై ఒకటి, ఇరవై రెండు సాయంత్రాలు అదనంగా పనిచేయాలి. ఇది అచ్చమైన ఆదాయ ప్రభావం. దీని వెనుక ఒక ఊహ ఉంది: డబ్బు తగ్గితే జనం తీరికను కూడా తగ్గించుకుంటారని. చాలామంది విషయంలో అది నిజమే.

తుది ఫలితం ఈ రెంటి తీసివేత. అప్పుల్లో ఉన్న నలభయ్యేళ్ల డాక్టరు ఎక్కువ సాయంత్రాలు రావచ్చు. బాధ్యతలన్నీ తీరిన అరవయ్యేళ్ల డాక్టరు ఉన్నవి కూడా మానుకోవచ్చు. రేటు ఇద్దరికీ ఒకటే.

హద్దుకు ఎంత దూరంలో ఉన్నారు?

పన్ను శ్లాబుల వల్ల ఈ రెండు ప్రభావాలూ అందరికీ ఒకే పాళ్లలో తగలవు. ఈ సంగతిని పత్రికా చర్చలు ఎక్కువగా వదిలేస్తాయి. పై ఉదాహరణలోని పెంపే 25 లక్షల ఆదాయం ఉన్నవారికి వేరేలా పనిచేస్తుంది. హద్దు దాటింది లక్షే కాబట్టి వారికి పెరిగే పన్ను 10,400 మాత్రమే. అదనపు సాయంత్రం మీద కోత మాత్రం డాక్టరుకు పడినంతా, అంటే 520, పడుతుంది. పోయిన డబ్బు స్వల్పం, పడిన కోత పూర్తి. వారి పని తగ్గే అవకాశమే ఎక్కువ. ఆదాయం హద్దుకు ఎంత పైన ఉంటే ఆదాయ ప్రభావం అంత పెరుగుతుంది. ప్రత్యామ్నాయ ప్రభావం మాత్రం అక్కడే ఉంటుంది.

కింది శ్లాబులో రేటు పెంచితే కథ తిరగబడుతుంది. 4 నుంచి 8 లక్షల మధ్య ఉన్న 5 శాతాన్ని 10 చేస్తే మన డాక్టరుకు సెస్ కాక 20,000 పోతుంది. రేపల్లె సాయంత్రానికి దక్కేది మాత్రం 3,440గానే ఉంటుంది. ఆమెపై పనిచేసేది ఆదాయ ప్రభావం ఒక్కటే. అది ఎక్కువ పని వైపే నెడుతుంది.

2025 మార్పు: తగ్గింపులోనూ అదే తికమక

ఈ సిద్ధాంతాన్ని ఊహల్లోనే వెతకాల్సిన పని లేదు. 2025 బడ్జెట్ మార్పును ఇదే కళ్లతో చూడవచ్చు. అంతకు ముందు ఏడాది కొత్త విధానంలో 15 లక్షలు దాటితే 30 శాతం ఉండేది. ఆ హద్దు 24 లక్షలకు జరిగింది. 24 లక్షలు, ఆ పైన ఆదాయం ఉన్నవారికి ఏడాదికి 1,10,000 రూపాయలు, సెస్ కాక, మిగిలాయి. కానీ 24 లక్షలు దాటిన తర్వాత సంపాదించే ప్రతి రూపాయి మీద రేటు పాత 30 శాతమే. మన డాక్టరుకు ఇది ఊరికే వచ్చిన డబ్బు లాంటిది. ఆమెను ఎక్కువ పనికి ప్రోత్సహించే అంశం ఇందులో ఒక్కటీ లేదు. సిద్ధాంతం ప్రకారం ఆమె కాస్త తక్కువ పని చేయాలి. పన్ను తగ్గిస్తే ఉత్సాహం పెరుగుతుందన్న మాట ఆమె విషయంలో చెల్లదు.

22 లక్షల ఆదాయం ఉన్నవారికి రేటు 30 నుంచి 25కి దిగింది. వారిపై రెండు ప్రభావాలూ ఎదురెదురుగా పనిచేస్తాయి.

అన్నిటికన్నా వింతైన చోటు 12 లక్షల దగ్గర ఉంది. అక్కడిదాకా రిబేటు వల్ల పన్ను సున్నా. దాటిన వెంటనే మొత్తం పన్ను ఒక్కసారిగా మీద పడకుండా ఉపశమనం ఇచ్చారు. 12 లక్షల పైన ఎంత సంపాదిస్తే సెస్ కాక అంతకు మించి పన్ను వసూలు చేయరు. వినడానికి దయగా ఉంది. కానీ దానర్థం, 12 లక్షల నుంచి సుమారు 12,70,000 దాకా సంపాదించిన ప్రతి రూపాయీ పన్నుకే పోతుంది. అక్కడ ఉపాంత రేటు నూరు శాతం.

తెనాలిలో ట్యూషన్లు చెప్పే మాస్టారి ఆదాయం 12 లక్షలకు చేరిందనుకుందాం. 2024-25లో ఆయన సెస్ కాక 80,000 కట్టేవారు, ఇప్పుడు ఏమీ కట్టనక్కర్లేదు. మిగిలిన డబ్బు ఆయనను తీరిక వైపు లాగుతుంది. ఇంకొక 50,000 తెచ్చే కొత్త బ్యాచ్ పెడితే ఆయనకు పైసా మిగలదు కాబట్టి ప్రత్యామ్నాయ ప్రభావం కూడా అటే లాగుతుంది. పన్ను తగ్గించిన చోట రెండు ప్రభావాలూ కలిసి పనిని తగ్గించమనే అరుదైన సందర్భం ఇది. ఆయన ఆ బ్యాచ్ పెట్టకపోవచ్చు, లేదా ఆ ఆదాయాన్ని లెక్కలో చూపకపోవచ్చు. జీతగాళ్లకు 75,000 ప్రామాణిక తగ్గింపు ఉంటుంది కాబట్టి వారికి ఈ గుంట 12,75,000 దగ్గర మొదలవుతుంది.

తీరికకు బదులు పొలం

పాఠ్యపుస్తకాల్లో పనికి ప్రత్యామ్నాయం తీరిక. డెల్టాలో ఇంకొకటి ఉంది. వ్యవసాయ ఆదాయం మీద కేంద్రం ఆదాయపు పన్ను వేయదు. బాపట్లలో లెక్చరరుగానో, రేపల్లెలో ప్లీడరుగానో ఉంటూ ఊళ్లో వరి, దాని తర్వాత మినుము వేసే నాలుగెకరాలు ఉన్న మనిషికి, వృత్తి ఆదాయం మీద రేటు పెరిగితే ఆదివారాలు పొలం మీద పెట్టడం లాభసాటి అవుతుంది. పని గంటలు తగ్గలేదు, పన్ను లేని చోటికి మారాయి. పన్నుశాఖ లెక్కల్లో మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి. అయితే ఇందులోనూ ఒక మెలిక ఉంది. వ్యవసాయ ఆదాయం 5,000 దాటితే, పన్ను వేయకపోయినా, మిగతా ఆదాయానికి ఏ రేటు వర్తించాలో తేల్చేటప్పుడు దాన్ని కలిపి లెక్కిస్తారు.

రేటు మరీ పెరిగితే ఆదాయాన్ని దాచే మూడో దారి తెరుచుకుంటుంది. 1973-74లో దేశంలో అత్యధిక ఉపాంత రేటు, సర్‌చార్జీతో కలిపి, 97.75 శాతం. నూరు రూపాయలకు దక్కేది రెండుంపావలా. ఎక్కువ పన్ను రేట్లు ఎగవేతకు దారితీస్తున్నాయని వాంఛూ కమిటీ చెప్పాక 1974-75లో ఆ రేటును 77 శాతానికి దించారు. అలాంటి రేట్ల కాలంలో ఆదాయం పడిపోయినట్టు కనిపిస్తే అది పని తగ్గడమో, దాచడమో చెప్పడం కష్టం.

కొలిచి చూసినవారు

రెండు ప్రభావాలూ ఎప్పుడూ కలిసే వస్తాయి కాబట్టి విడిగా కొలవడానికి ప్రత్యేక సందర్భాలు కావాలి. ఐస్‌లాండ్ పన్ను వసూలు పద్ధతిని మార్చినప్పుడు 1987 ఆదాయం మీద ఎవరూ పన్ను కట్టనక్కర్లేకపోయింది. ఒక్క ఏడాది లాభం జీవితకాలపు ఆదాయంలో చిన్న ముక్క. అందువల్ల ఆదాయ ప్రభావం స్వల్పం, ప్రత్యామ్నాయ ప్రభావం పూర్తిగా ఉంటుంది. ఆ ఏడాది జనం ఎక్కువ పనిచేశారని తేలింది. దీనికి ఎదురు పరీక్ష అమెరికాలో మసాచుసెట్స్ లాటరీ విజేతలది. లాటరీ డబ్బు గంట ప్రతిఫలాన్ని మార్చదు. ఇంబెన్స్, రూబిన్, సాసెర్డోట్ 2001లో ప్రచురించిన అధ్యయనంలో, ఏటా వచ్చే లాటరీ సొమ్ములో సుమారు పదో వంతు మేర విజేతల సంపాదన తగ్గింది. అంటే ఆదాయ ప్రభావం ఉంది, కానీ నెమ్మదైనది.

రేపల్లె లాంటి ఊళ్లో ఆదాయపు పన్ను కట్టే ఇళ్లు కొద్దివే. నెల జీతం 20,000 దాటిన ప్రతి ఉద్యోగీ కట్టేది రాష్ట్ర వృత్తి పన్ను, నెలకు 200. జీతం ఇంకా ఎంత పెరిగినా అది మారదు, కాబట్టి అందులో ప్రత్యామ్నాయ ప్రభావం లేదు, ఉన్నదల్లా ఆదాయ ప్రభావమే. అది కూడా ఎవరి పని గంటలనూ కదిలించేటంత లేదు. ఒక మనిషి మీద ఏడాదికి 2,500కు మించి వృత్తి పన్ను వేయరాదని 1988లో రాజ్యాంగ సవరణతో పెట్టిన పరిమితి ఇప్పటికీ మారలేదు.