వేరే బ్యాంకు ఏటీఎంలో చార్జీ ఎప్పుడు పడుతుంది?

కళ్యాణదుర్గం నుంచి బెంగళూరుకు కూలి పనికి వెళ్లినవారు చాలామంది కనిపించిన ఏటీఎంలో డబ్బు తీస్తుంటారు. చార్జీ అక్కడే పడుతుంది. వేరే బ్యాంకు మిషన్‌లో నెలకు ఉచితంగా అనంతపురం లాంటి ఊళ్లలో 5 సార్లు వాడొచ్చు. బెంగళూరు, హైదరాబాద్ లాంటి ఆరు మెట్రో నగరాల్లో 3 సార్లే. బ్యాలెన్స్ చూసుకున్నా, మినీ స్టేట్‌మెంట్ తీసినా అది కూడా లెక్కలోకి వస్తుంది.

ఉదాహరణకు బెంగళూరులో ఒకాయన రెండుసార్లు డబ్బు తీసి, ఒకసారి బ్యాలెన్స్ చూశాడనుకోండి. మూడూ అయిపోయాయి. నాలుగోసారి 500 తీస్తే, 2025 మే 1 నుంచి రిజర్వ్ బ్యాంకు అనుమతించిన గరిష్ఠ చార్జీ 23 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ, మొత్తం 27.14 దాకా కోత పడొచ్చు. ఖాతాలో ఉన్నదంతా తీయబోతే చార్జీకి మిగలక మిషన్ కాదనే అవకాశం ఉంది. అందుకే కొంచెం తక్కువ అడగాలి.

మిషన్‌లో నగదు లేకపోయినా, నెట్‌వర్క్ ఆగినా, పిన్ తప్పు కొట్టినా ఆ ప్రయత్నం లెక్కలోకి రాదు. వచ్చిందని ఎస్‌ఎంఎస్‌లో కనిపిస్తే స్లిప్పుతో మీ బ్యాంకులో ఫిర్యాదు చేయండి. సొంత బ్యాంకు మిషన్‌లో నెలకు 5 సార్లు వేరుగా ఉచితమని మరచిపోకండి.