ఆరో హర్డిల్ దాటాక

పోటీలో పడ్డవాళ్లని లోకమంతా చూస్తుంది. ప్రాక్టీసులో పడితే పక్కనుండి చూసేది కోచ్ ఒక్కడే. అందుకే తల్లిదండ్రులకి, యాజమాన్యానికి ఈ నివేదిక కాస్త వివరంగా రాస్తున్నాను.

అమ్మాయి పడ్డ సాయంత్రం వాళ్ల నాన్న స్టీల్ ప్లాంట్ డ్యూటీ బట్టలతోనే ఆసుపత్రికి వచ్చి ఒకటే అడిగారు: "జ్యోతికి అయినట్టే అయిందా సార్?" మన ఊళ్లో హర్డిల్స్ అనగానే గుర్తొచ్చే పేరు అదే మరి. సెక్యూరిటీ గార్డు కూతురు జ్యోతి యర్రాజి 2023 ఆగస్టులో చెంగ్డూలో వంద మీటర్ల హర్డిల్స్‌ని 12.78 సెకన్లలో పరిగెత్తింది. ఒలింపిక్స్‌లో ఈ పోటీలో దిగిన తొలి భారతీయురాలు ఆమే, పారిస్‌లో. 2025 మే నెలలో కొరియాలోని గుమిలో, వాన వెలిసిన ట్రాక్ మీద, 12.96 సెకన్లతో వరుసగా రెండోసారి ఆసియా ఛాంపియన్ అయింది. జులైలో ప్రాక్టీసు చేస్తుండగా మోకాలికి దెబ్బ తగిలింది. సెప్టెంబరులో టోక్యోలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఆమె లేకుండానే జరిగిపోయింది. గుమిలో ఆగని కాలు ప్రాక్టీసులో ఆగింది.

మన అమ్మాయిదీ ప్రాక్టీసులో తగిలిన దెబ్బే. వార్మప్ సరిగానే అయింది. హర్డిల్ ఎత్తు ఆమె వయసుకు తగ్గ 76.2 సెంటీమీటర్లే. ఎవరూ తగల్లేదు, హర్డిల్ కూడా తన్నలేదు. ఆరో హర్డిల్ దాటి ముందుకాలు నేల మీద పెట్టినప్పుడు పాదం నిలబడిపోయింది, మోకాలు లోపలికి వాలింది, పైనున్న ఒళ్లు మాత్రం ముందుకే పోయింది. టక్‌మన్న చప్పుడు నాకు వినబడింది. గంటన్నరలో మోకాలు బాగా వాచింది. అంత త్వరగా వాచిందంటే కీలు లోపల రక్తం చేరిందనే అనుమానించాలి. మామూలు బెణుకు వాపు సాధారణంగా మెల్లగా, మర్నాటికి తేలుతుంది.

ఎక్స్‌రేలో ఎముక బాగుందని రాగానే అందరం ఊపిరి పీల్చుకున్నాం. కానీ ఎక్స్‌రేలో లిగమెంటు కనబడదు. వాపు తగ్గాక డాక్టరు ఒక చేత్తో తొడ పట్టుకుని, ఇంకో చేత్తో పిక్కని ముందుకు లాగి చూశారు. ఎక్కడో ఒకచోట టక్కున ఆగాల్సింది, ఆగకుండా జారింది. ఎంఆర్ఐ కూడా అదే చెప్పింది: మోకాలి మధ్యలో ఉండే ఏసీఎల్ పూర్తిగా తెగింది.

తెగిన రోజుకన్నా నాకు ఎక్కువ భయం వేసింది మూడో వారంలో. నొప్పి పోయింది. అమ్మాయి కుంటకుండా నడిచింది, మెట్లు దిగింది. "తగ్గిపోయింది సార్, కట్టు కట్టిస్తే చాలంటున్నారు మావాళ్లు" అంది వాళ్లమ్మ. తిన్నగా నడవడానికి ఏసీఎల్ అవసరం అంతగా ఉండదమ్మా. పక్కకి తిరిగినప్పుడు, దూకి దిగినప్పుడే దాని పని. అది లేని మోకాలు అప్పుడు లోపల జారుతుంది. జారినప్పుడల్లా కీలు మధ్య మెత్తగా ఉండే మెనిస్కస్ చిరిగే ప్రమాదం ఉంది. కట్టు, నూనె మర్దనా తెగిన ఏసీఎల్‌ని అతికించలేవు.

యాజమాన్యం కారణం అడిగింది. సెషన్ చివర్లో కాళ్లు అలిసి ఉన్నాయన్నది నిజం. ఈ వయసులో ఇలాంటి ఆటల్లో అమ్మాయిలకి ఈ గాయం అబ్బాయిలకంటే ఎక్కువగా అవుతుందన్నదీ నిజమే. అలాగని ఇదిగో ఇదొక్కటే కారణమని వేలు చూపిస్తే అది అబద్ధమవుతుంది. ఇకనుంచి దూకి దిగడం నేర్పే కసరత్తులు సెషన్ మొదట్లోనే, కాళ్లు తాజాగా ఉండగానే చేయిస్తాం.

వాపు పోయి కాలు పూర్తిగా చాపగలిగాక ఆపరేషన్. తొడ వెనక నుంచి తీసిన స్నాయువుతో కొత్త లిగమెంటు వేస్తారు. మొదటి కొన్ని నెలల్లో ఆ అతుకు బలం పెరగదు, తగ్గుతుంది. శరీరం దాన్ని తనదిగా మలుచుకునే కాలం అది. అమ్మాయికేమో సరిగ్గా అప్పుడే కాలు బాగుందనిపిస్తుంది. తొమ్మిది నెలలు నిండకుండా మళ్లీ దూకినవాళ్లలో అతుకు తెగడం ఎక్కువని పరిశోధనలు తేల్చాయి. నెలలు నిండితేనే చాలదు. ఆ కాలి బలం రెండో కాలి బలంలో తొంభై శాతమైనా ఉండాలి, ఒంటికాలి గెంతులో రెండూ సమానంగా దిగాలి.

ఈ ఏడు రాష్ట్ర పోటీలు ఆమెకి లేవు. సెలెక్షన్లూ లేవు. వచ్చే ఏడాది వయసు విభాగం మారుతుంది, హర్డిల్ ఎత్తు 83.8 సెంటీమీటర్లు అవుతుంది. వదిలిన ఎత్తుకి ఆమె మళ్లీ రాదు. మళ్లీ పాత వేగం వస్తుందని నేను మాట ఇవ్వలేను.

యాజమాన్యానికి ఒక మనవి: ఆమె హాస్టల్ సీటు, ఫిజియో ఖర్చు ఈ ఏడాదంతా కొనసాగించండి. అమ్మానాన్నలకి ఇంకొకటి: తొమ్మిదో నెల దాటేవరకు, ఎప్పుడు పరిగెడతావని ఆ పిల్లని అడక్కండి.