వాద్యం లేని చోట చప్పట్లే తాళం: చెమ్మచెక్క, బతుకమ్మ ఆటల లెక్క

షోలాపూర్ నేత పేటల్లోని తెలుగిళ్లలో డప్పు, డోలక్ ఏవీ లేకుండా ఆడే ఆటలంటే ముందు గుర్తొచ్చేవి రెండు. ఒకటి ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఆడే చెమ్మచెక్క, రెండోది అందరూ గుండ్రంగా తిరిగే బతుకమ్మ. మగ్గం పని కోసం తెలంగాణ పల్లెల నుంచి ఇక్కడికి చేరిన పద్మశాలి కుటుంబాలు మగ్గంతో పాటు వీటినీ నిలుపుకున్నాయి. పక్కనున్న మరాఠీ ఇళ్లలో మంగళాగౌరికి ఆడే ఝిమ్మా కూడా చప్పట్ల ఆటే కాబట్టి మన పిల్లలకు చుట్టుపక్కల ఎక్కడా ఇది వింతగా అనిపించదు.

చెమ్మచెక్కను ఒక్కో ఇంట్లో ఒక్కోలా ఆడతారు. చిన్నపిల్లలకు నేర్పడానికి ఎనిమిది లెక్కల పద్ధతి తేలిక. ముందు ఎవరి చప్పట్టు వాళ్లు కొట్టాలి, తర్వాత ఒకరి కుడి అరచేతికి మరొకరి కుడి అరచెయ్యి తగలాలి. మళ్లీ సొంత చప్పట్టు, ఈసారి ఎడమకు ఎడమ. మళ్లీ సొంత చప్పట్టు, తర్వాత రెండు చేతులూ ఎదుటివాళ్ల రెండు చేతులకు. దాంతో ఆరు అయ్యాయి. మిగిలిన రెండూ తొడల మీద వెయ్యాలి. అంకెలు లెక్కపెట్టే బదులు నోటితో ‘తకధిమి తకజొణు’ అంటే ఒక్కో అక్షరానికి ఒక్కో దెబ్బ సరిపోతుంది.

ఆట ఎక్కువగా తప్పేది చివరి రెండు దెబ్బల దగ్గరే. ఎదుటివాళ్ల చేతికి చేరాలంటే చెయ్యి అడ్డంగా వెళ్లాలి, తొడ మాత్రం దగ్గరే ఉంటుంది. దూరం తగ్గేసరికి పిల్లలు తెలియకుండానే తొందరపడతారు. ప్రతి చుట్టులో కొంచెం వేగం పెరిగి, నాలుగైదు చుట్లకే చేతులు కలవకుండా పోతాయి. చెవికి ఇది వెంటనే తెలుస్తుంది: ఒక్క దెబ్బ వినిపించాల్సిన చోట రెండు చిన్న చప్పుళ్లు వినిపిస్తాయి. అప్పుడు మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు. చేతులు ఆపి అక్షరాలు మాత్రం రెండు చుట్లు నెమ్మదిగా పలికించి మళ్లీ చేతులు కలిపితే చాలు. మగ్గం నడుస్తున్న గది పక్కన ఆడించడం మంచిది కాదని నా అభిప్రాయం. నాడె మగ్గం నిమిషానికి వందకు పైగా దెబ్బలు వేస్తుంది, పిల్లల చేతులు పాటను వదిలేసి దాని వెంట పోతాయి.

చప్పట్లన్నీ ఒకేలా మోగవు. అరచేతులు చదునుగా కలిస్తే పదునైన చప్పుడు వస్తుంది. కొంచెం గుంటగా పట్టి కొడితే లోపల గాలి చిక్కుకుని చప్పుడు బొంగురుగా, లోతుగా వస్తుంది. నాలుగు వేళ్లతో అరచేతి మీద తడితే మెత్తగా వినిపిస్తుంది. తాళంలో మొదటి దెబ్బను గుంట చేతులతో, మిగతావి వేళ్లతో వేస్తే చుట్టు ఎక్కడ మొదలైందో అందరికీ తెలుస్తుంది. పైగా అరచేతులు తొందరగా మండవు.

బతుకమ్మలో అసలు కష్టం చేతులది కాదు, కాళ్లది. వంగి ఒక చప్పట్టు, లేచి ఒక చప్పట్టు, మధ్యలో అడుగు. ఒకామె పాడితే మిగతావాళ్లు అందుకుంటారు. మంది ఎక్కువై రెండు వరుసలు కట్టినప్పుడు చిక్కు వస్తుంది. లోపలి వరుసకు ఒక మీటరు బయట తిరిగేవాళ్లు ఒక్కో చుట్టుకు ఆరు మీటర్లకు పైగా ఎక్కువ నడవాలి, వలయం ఎంత పెద్దదైనా ఈ తేడా మారదు. లోపలివాళ్ల పక్కనే ఉండాలని బయటివాళ్లు పరుగు తీస్తే వంగడం తగ్గిపోతుంది, చప్పట్టు ముందే పడుతుంది. బయటి వరుస అడుగు మార్చకుండా వెనకబడిపోతే ఏ నష్టమూ లేదు. చప్పట్టు కలవాలి గానీ భుజాలు కలవనక్కర్లేదు.

పాట మూడు లెక్కలదో నాలుగు లెక్కలదో ముందే చూసుకోవాలి. పాడుతూ ‘తకిట తకిట’ అని తట్టి చూడండి, కుదరకపోతే ‘తకధిమి తకధిమి’ అని తట్టండి. పాటలో ఒత్తు పడే మాట ప్రతిసారీ ‘త’ మీదే పడితే ఆ లెక్క సరైనదే. నాలుగు లెక్కల పాటకు మూడు చప్పట్ల ఆట కడితే రెండో చరణానికే వలయం విరిగిపోతుంది.

ఇప్పుడు చాలా చోట్ల స్పీకర్‌లో రికార్డు పాట పెడుతున్నారు. అది నలుగురికీ వినిపిస్తుంది గానీ ఎవరి కోసమూ ఆగదు. నోటితో పాడేటప్పుడు వలయంలో పెద్దావిడ ఒకామె వంగి లేచేదాకా పాడేవాళ్లు ఆ మాటను కాస్త సాగదీస్తారు, వేగాన్ని ఆమె నిర్ణయిస్తుంది. రికార్డుతో ఆ అవకాశం లేదు. ముందుగా అరుగు మీదికి వెళ్లి కూర్చునేది ఆమే, పాత పాటల చరణాలు ఎక్కువగా తెలిసినదీ తరచుగా ఆమే. స్పీకర్ తప్పదనుకుంటే మొదటి రెండు మూడు పాటలు నోటితో పాడి, అది తర్వాత పెట్టండి.